మినిట్స్‌కెక్కిన ప్రశ్న

మా సంఘంలో అన్ని పనులకూ మనుషులు దొరుకుతారు. స్టేజీ మీద మాట్లాడటానికి, పాటల పోటీకి జడ్జిగా కూర్చోడానికి, పులిహోర కలపడానికి కూడా. మీటింగుల మినిట్స్ రాయడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. నేను జెద్దాలో ఒక ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్తాను. శుక్రవారం నాకు సెలవే. "టీచరమ్మ కదా, రాయడం అలవాటే" అని నన్ను కార్యదర్శిని చేసేశారు. మా ఆయన ఆసుపత్రిలో మెషీన్లు బాగుచేసే పనిలో ఉన్నాడు, శుక్రవారాలు కూడా డ్యూటీ పడుతుంటుంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోవడం కన్నా ఇదే మేలనిపించి ఒప్పుకున్నాను.

సంఘం పేరుకి ఇక్కడిదే గానీ రిజిస్ట్రేషన్ హైదరాబాదులో, సొసైటీల చట్టం కింద. బైలా ఉంది, కార్యవర్గం ఉంది, ఏటా ఆడిట్ ఉంది. ఇక్కడ కాన్సులేట్ వాళ్ళ జాబితాలో మా పేరుంది కాబట్టి పండగలకు స్కూలు ఆడిటోరియం ఇప్పిస్తారు. ఈ దేశంలో ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర చందా అడగకూడదు. అందుకని సభ్యత్వ రుసుముతోనే అన్నీ నడపాలి. మీటింగులు ఊళ్ళో మనవాళ్ళ బజారు షరఫియాలో ఒక హోటల్ మేడ మీద, శుక్రవారం నమాజు అయ్యాక. కింద బిర్యానీ కోసం వచ్చినవాళ్ళ గోల, పైన మా అజెండా.

నాకన్నా ముందున్న కార్యదర్శి మినిట్స్ ఇంగ్లీషులో రాసేవారు. వాట్సాప్ గ్రూపులో పెడితే చాలామంది తెరిచి చూసేవాళ్ళు కాదు. తెలుగు సంఘం కదా, తెలుగులోనే రాస్తానన్నాను. అధ్యక్షుడు సరేనన్నారు. ఆయనది రాజమండ్రి వైపు, పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజనీరు. మాట నెమ్మది, పని పద్ధతి. కాగితం మీద లేనిది ఆయనకు జరగనట్టే లెక్క.

ఆ ఏడు ఉగాది రంజాన్ నెలలో వచ్చింది. పండగను ఈద్ సెలవుల తర్వాతికి జరిపాం. రంజాన్‌కు చాలా ముందే పెట్టుకున్న బడ్జెట్ మీటింగులో సౌండ్ సిస్టం వాళ్ళు రేటు పెంచారన్న సంగతి తేలింది. ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఎప్పుడూ మాకు భోజనాల వడ్డన చేసేది ఊరి బయట లేబర్ క్యాంపు నుంచి వచ్చే మనవాళ్ళు. ఎక్కువమంది జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్ళు. వాళ్ళను తీసుకురావడానికి, దింపడానికి ఒక బస్సు మాట్లాడేవాళ్ళం. ఎవరో ఆ బస్సు తీసేద్దామన్నారు. వాళ్ళకు తెలిసిన పికప్పు బండ్లు ఉంటాయి కదా, వస్తారులే అన్నారు. ఎవరూ కాదనలేదు. నేను కూడా తీర్మానం రాసుకున్నాను: "క్యాంపు నుంచి బస్సు ఖర్చు ఈసారి బడ్జెట్ నుంచి తొలగించడమైనది. సభ్యులు కాని వాలంటీర్లకు భోజనం కార్యక్రమం ముగిశాక ఏర్పాటు చేయడమైనది." రెండోది ఎప్పుడూ ఉన్నదే, కొత్తగా పెట్టింది కాదు.

నేను గ్రూపులో పెట్టిన మినిట్స్‌ను ఎవరో వాలంటీర్ల గ్రూపుకు పంపారు. మర్నాడు స్కూలు నుంచి వస్తుంటే ఫోను.

చేసినాయన నాకు తెలుసు. ఏసీ డక్టింగ్ పని చేస్తాడు. నలభై దాటి ఉంటాయి. వడ్డన దగ్గర అందరినీ అజమాయిషీ చేసేది ఆయనే. సాంబారు బకెట్టు ఎక్కడుండాలో, ఏ వరుసకు పెరుగు రాలేదో దూరం నుంచే కనిపెడతాడు. నన్ను అక్కా అంటాడు, వయసులో నాకన్నా పెద్దవాడైనా. నేను అన్నా అంటాను.

"మీరు రాసింది చదివిన అక్కా. తెలుగుల ఉన్నది కదా, మొత్తం చదివిన," అన్నాడు. కోపంగా ఏమీ లేదు గొంతు. వచ్చే మీటింగుకు తను రావచ్చా అని అడిగాడు.

అధ్యక్షుడి అనుమతితో అతిథులు కూర్చోవచ్చు, ఓటు మాత్రం ఉండదు. బైలాలో అంతే ఉంది. అధ్యక్షుణ్ణి అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. వచ్చే మీటింగులో వాలంటీర్ల పనులు పంచుకోవాలి కాబట్టి వడ్డన సంగతి మాట్లాడతాడనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ శుక్రవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందే వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. టీ ఇస్తే తీసుకున్నాడు. మేం పనులు పంచుకుంటూ పోయాం. గేటు దగ్గర పేర్లు చూసుకునేవాళ్ళు, పిల్లలకు మేకప్ చూసేవాళ్ళు, స్టేజీ, సౌండు. ఒక్కో పనికి ఒక్కో పేరు. భోజనాల దగ్గరికి రాగానే అధ్యక్షుడు ఆయనవైపు చూసి, "ఇది మీరే కదండీ, ఎప్పటిలాగే" అన్నారు.

ఆయన లేచి నిలబడ్డాడు. కూర్చునే చెప్పమన్నా కూర్చోలేదు. బస్సు తీసేశారని చదివాను, బస్సు లేకుంటే మావాళ్ళు రాలేరు అన్నాడు. పికప్పులో వెనక కూర్చుంటే పోలీసు పట్టుకుంటాడు, జరిమానా పడుతుంది అన్నాడు. అందరి భోజనాలయ్యాక తినేసరికి కూరలు ఉండవని, దాని గురించి ఇన్నేళ్ళు ఎవరితోనూ అనలేదని చెప్పాడు. మేం తలలు దించుకుని వింటున్నాం. అప్పుడు అసలు మాట అడిగాడు.

"వడ్డన చేస్తం, అదేం తప్పు కాదు. కని మేం ఈ సంఘంల మెంబర్లం ఎందుకు కామో తెల్వదు. పైసలు కట్టుమంటే కడ్తం."

అధ్యక్షుడు బైలా సంగతి చెప్పారు. సభ్యత్వం కుటుంబానికి ఒకటి. సౌదీలో నివసించే తెలుగు కుటుంబం అని స్పష్టంగా రాసి ఉంది. మొదలుపెట్టిన వాళ్ళందరూ భార్యాపిల్లలతో ఉండేవాళ్ళు, అలా రాసుకున్నారు.

"నాకూ కుటుంబం ఉన్నది సార్. జగిత్యాల కాడ ఉన్నది. ఈడికి తెచ్చుకునే వీసా నాకియ్యరు. దూరం ఉంటే కుటుంబం కాదా?"

ఆయన గట్టిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. అధ్యక్షుడు, ఇది ఈరోజు అజెండాలో లేదు, తర్వాత చూద్దాం అని తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు. ఆయన కూర్చుని చివరిదాకా ఉన్నాడు. పోయేటప్పుడు నాకు మాత్రం వస్తానక్కా అని చెప్పి మెట్లు దిగాడు.

అందరూ వెళ్ళిపోతుండగా అధ్యక్షుడు నా దగ్గరికి వచ్చారు. "అమ్మా, ఆ చివర జరిగిన చర్చ మినిట్స్‌లో వద్దు. ఆయన సభ్యుడు కాదు, అంశం అజెండాలో లేదు. తీర్మానాలు రాస్తే చాలు."

ఆయన చెప్పిన దాంట్లో న్యాయం లేకపోలేదు. మినిట్స్ అంటే ఎవరేం మాట్లాడారో రాసుకునే డైరీ కాదు. కానీ ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగలేదు. భోజనాల బాధ్యత ఎవరికి అన్నచోట ఏం రాయాలి? ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న తీసేస్తే ఆయన ఎందుకు వచ్చాడో కూడా ఆ కాగితం మీద ఉండదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తింటూ అంతా విని, "నువ్వు కార్యదర్శివి. ఆయన అధ్యక్షుడు. ఇద్దరూ ఒకటి కాదు కదా" అన్నాడు. అంతకుమించి సలహా ఇవ్వలేదు.

మా కోశాధికారికి ఫోన్ చేశాను. ఆయనది హైదరాబాదు పాతబస్తీ. ఇక్కడ ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. ఎవరి వైపూ తొందరపడి మాట్లాడరు.

"జరిగింది సాఫ్‌గా రెండు లైన్లు రాయండి మేడం," అన్నారు. "అడిగింది రాయండి, అజెండాలో లేదని అధ్యక్షులు చెప్పింది కూడా రాయండి. రెండూ నిజమే. తప్పుంటే వచ్చే మీటింగులో దిద్దుతారు, దానికే కదా కన్ఫర్మ్ చేసేది."

అలాగే రాశాను. "అధ్యక్షుని అనుమతితో హాజరైన అతిథి ఒకరు, కుటుంబం స్వదేశంలో ఉన్న కార్మికులు సభ్యత్వానికి అర్హులా అని అడిగారు. అంశం అజెండాలో లేనందున చర్చించలేదని అధ్యక్షులు తెలిపారు." గ్రూపులో పెట్టేముందు అధ్యక్షుడికి పంపించాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. సాయంత్రం దాకా ఆగి గ్రూపులో పెట్టేశాను. ఆ తర్వాత ఫోను మోగిన ప్రతిసారీ ఆయనేనేమోనని చూశాను. ఆయన మాత్రం ఫోన్ చేయలేదు.

తర్వాతి మీటింగులో మొదటి అంశం ఎప్పుడూ ఉండేదే: గత సమావేశపు మినిట్స్ ధ్రువీకరణ. ఎప్పుడూ అర నిమిషంలో అయిపోయేది. నేను చదివాను. ఆ రెండు లైన్లు కూడా చదివాను. అధ్యక్షుడు చెయ్యెత్తి, అతిథి మాటలు మినిట్స్‌లో ఉండాల్సిన అవసరం లేదని తన అభిప్రాయం అన్నారు. అందరూ నావైపు చూశారు. నేనేదో చెప్పబోతుంటే కోశాధికారి అందుకున్నారు.

"ఇక్కడ చూడాల్సింది ఒకటే సార్. అలా జరిగిందా, లేదా?"

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "జరిగింది," అన్నారు చివరికి. "ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి." ఒకరు ప్రతిపాదించారు, ఇంకొకరు బలపరిచారు. నేను సంతకం పెట్టి కాగితం ఆయన ముందుకు జరిపాను. ఆయనా పెట్టారు.

మినిట్స్ ధ్రువపడితే అందులోంచి వచ్చే విషయాలు చర్చకు పెట్టాలి. అదే రెండో అంశం. ఇప్పుడు ఆ ప్రశ్న అజెండాలోకి వచ్చేసింది, ఎవరూ ప్రత్యేకంగా తేనక్కర్లేకుండా. అప్పుడు అధ్యక్షుడు చెప్పిన సంగతి నాకు అంతవరకూ తెలియదు. నేను ఈ దేశానికి రాకముందు ఒక ఎన్నికలప్పుడు ఎవరో ఒకాయన తనే డబ్బు కట్టి, తనకు తెలిసిన వాళ్ళందరినీ రాత్రికి రాత్రి సభ్యులుగా చేర్పించాడట. వాళ్ళలో సగం మందికి ఏ సంఘంలో చేరారో తెలియదు. సంఘం రెండుగా చీలబోయింది. ఆ భయంతోనే కుటుంబం అన్న మాటను గట్టిగా పట్టుకున్నారు.

"నేను వాళ్ళను వద్దనడం లేదు," అన్నారు. "ఎవడో ఒకడు వాళ్ళను వాడుకుంటాడని భయం."

అది విన్నాక ఆయన మీద నాకున్న కినుక చాలావరకు పోయింది. ఒకరు, బైలాను మార్చడం ఎందుకు, కుటుంబం అనే మాటకు విశాలంగా అర్థం చెప్పుకుంటే సరిపోతుంది కదా అన్నారు. దానికి అధ్యక్షుడే ఒప్పుకోలేదు. ఈ కమిటీ ఒక అర్థం చెప్పుకుంటే వచ్చే కమిటీ ఇంకో అర్థం చెప్పుకుంటుంది. చేస్తే సవరణే చేద్దాం, రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేద్దాం, ఎవరూ తీసేయలేకుండా ఉంటుంది అన్నారు. సవరణ ముసాయిదా కూడా తర్వాత ఆయనే రాసి పంపారు. కుటుంబ సభ్యత్వంతో పాటు వ్యక్తిగత సభ్యత్వం. ఇఖామా, అంటే ఇక్కడి నివాస అనుమతి కార్డు, ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా చేరవచ్చు. రుసుము తక్కువ. అన్నిట్లో ఓటు ఉంటుంది, కానీ కార్యవర్గం ఎన్నికల్లో ఓటు వేయాలంటే చేరి ఆరు నెలలు నిండాలి. ఆ ఆఖరి నిబంధన అందరికీ వర్తిస్తుంది, కొత్తగా చేరే కుటుంబాలతో సహా.

అదే మీటింగులో కోశాధికారి బస్సును మళ్ళీ బడ్జెట్‌లోకి తెచ్చారు. అతిథులకు శాలువాలు, మెమెంటోలు అని ఒక పద్దు ఉండేది. దాన్ని కొట్టేసి బస్సు రాశారు. మెమెంటోలు అందరి ఇళ్ళల్లో అలమారాల పైన దుమ్ము పట్టి ఉన్నాయి కాబట్టి ఎవరూ బాధపడలేదు. వాలంటీర్ల భోజనం కూడా మార్చాం. అందరూ వంతులవారీగా, సభ్యులతో పాటే తినాలి. స్టేజీ బాధ్యత మార్చి జగిత్యాల అన్నకు ఇద్దామని నేను ప్రతిపాదించాను. వాలంటీరు సభ్యుడే కానక్కర్లేదు కదా. సాంబారు బకెట్టు పక్కన అందరినీ నడిపించినవాడు పిల్లల డాన్సులను నడిపించలేడా అన్నాను. ఒప్పుకున్నారు.

సవరణకు ప్రత్యేక సర్వసభ్య సమావేశం కావాలి. ముందుగా నోటీసు, సవరణ పాఠం జతచేసి, ప్రతి సభ్య కుటుంబానికీ పంపాను. మా బైలా ప్రకారం మూడో వంతు సభ్యులు హాజరైతేనే కోరం. మామూలు మీటింగు అయితే కోరం లేకపోయినా వాయిదా వేసి మళ్ళీ కూర్చోవచ్చు. సవరణకు ఆ వెసులుబాటు లేదు. వచ్చినవాళ్ళలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి.

ఆ శుక్రవారం హోటల్ మేడ మీద కుర్చీలు వేయించి కూర్చున్నాం. సగం ఖాళీగానే ఉన్నాయి. హాజరు పుస్తకంలో సంతకాలు చూస్తే కోరానికి చాలవు. వచ్చినవాళ్ళలో కొందరు గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. జగిత్యాల అన్న కింద హోటల్లోనే కూర్చున్నాడు. ఇది సభ్యుల మీటింగు కాబట్టి పైకి రాలేదు. ఇద్దరు స్నేహితులతో టీ తాగుతూ ఉన్నాడు.

నాకు అప్పుడు మా స్కూల్లో పనిచేసే ఒకామె గుర్తొచ్చింది. ఆమె భర్త డ్యూటీలో ఉన్నాడని, ఆమె షరఫియాలోనే టైలర్ దగ్గర ఉందని పొద్దున మెసేజ్ పెట్టింది. బైలాలో కుటుంబానికి ఒక ఓటు అని ఉంది గానీ, అది మగవాడే వేయాలని ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ అలా నడిచిందంతే. అధ్యక్షుణ్ణి అడిగాను. ఆయన బైలా తీసి ఆ పేజీ చదివి, "భార్యాభర్తల్లో ఎవరైనా ఒకరు" అని పైకే అన్నారు. "పిలవండమ్మా."

ఫోన్లు చేశాను. శుక్రవారం మధ్యాహ్నం అంటే సగం మంది ఆడవాళ్ళు షరఫియాలోనే ఉంటారు. బ్లౌజులకని, కూరగాయలకని, బంగారం షాపు చూడటానికని. ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చారు. ఒకామె చేతిలో కరివేపాకు కట్టలు, ఇంకొకామె దగ్గర కుట్టించిన లంగా వోణీల సంచీ. సంతకం ఎక్కడ చేయాలి అని అడుగుతూ కూర్చున్నారు. ఒకామె సవరణ కాగితం అంతా చదివి, దీనికి మీటింగు ఎందుకు, ఎప్పుడో చేయాల్సింది అంది. కోరం నిండిందని అధ్యక్షుడు ప్రకటించేసరికి గదిలో కుర్చీలు చాలక ఇద్దరు నిలబడ్డారు.

చర్చ జరిగింది. ఒక పెద్దాయన, ఆడిటోరియంలో సీట్లు చాలవు, ఒంటరి మగవాళ్ళు ఎక్కువమంది వస్తే కుటుంబాలు రావడానికి సంకోచిస్తాయి అన్నారు. ఆయన అన్నది మనసులో ఉంచుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. బయటికి అన్నందుకు మంచిదే అనుకున్నాను. కరివేపాకు ఆమె, మా పిల్లలకు ఇన్నేళ్ళుగా అన్నం వడ్డించింది వాళ్ళే కదండీ, అప్పుడు సంకోచించలేదే అంది. ఆ పెద్దాయన నవ్వేసి, ఓటు మాత్రం వ్యతిరేకంగానే వేశారు. చేతులు లెక్కపెట్టింది కోశాధికారి. కావలసిన దానికన్నా ఎక్కువే వచ్చాయి.

నేను కిందికి దిగి చెప్పాను. జగిత్యాల అన్న లేచి నిలబడి, "పాసైందా అక్కా" అన్నాడు. అయింది, కానీ హైదరాబాదులో రిజిస్ట్రార్ దగ్గర నమోదయ్యాకే అమల్లోకి వస్తుంది, ఉగాదికి కాదు అన్నాను. ఆయన ముఖం ఏమాత్రం మారలేదు. పండగకు మించి చానా దినాలున్నయి కదా అన్నాడు. స్నేహితులు నాకు టీ చెప్పారు. హోటల్ టీ చాలా తియ్యగా ఉంటుంది. ఆరోజు వద్దనకుండా తాగాను.

ఉగాది వేడుక రోజు బస్సు పొద్దున్నే వచ్చింది. స్టేజీ పక్కన ఆయన మెడలో విజిలు, చేతిలో కార్యక్రమాల జాబితా. చిన్నపిల్లల డాన్సులకు ముందు కర్టెన్ వెనక నిలబడి ఒక్కొక్కరి తలపాగా సర్ది, "నీ తర్వాత ఎవరో చూసుకో, భయపడకు" అని చెప్పి పంపేవాడు. ఒక పాప ఏడుస్తూ వెళ్ళనంటే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తెలియదు గానీ పాప వెళ్ళింది. భోజనాల్లో ఆయన వంతు మధ్యలో వచ్చింది. నేనే వడ్డించాను. బొబ్బట్టు రెండోది వేయబోతే, తర్వాతి ఐటం టైమైతున్నదక్కా అని చెయ్యి అడ్డం పెట్టి, సగం తిన్న విస్తరి వదిలి లేచాడు. ఈసారి కూరలైతే మిగిలాయి, ఆయనకే తినే తీరిక లేదు.

వేసవి సెలవులకు నేను ఇండియా వెళ్ళినప్పుడు హైదరాబాదులో మా ఆడిటర్ ఆఫీసుకెళ్ళి ఫైల్ సంగతి కనుక్కున్నాను. నమోదైందని కాపీ ఇచ్చారు. తిరిగొచ్చాక దరఖాస్తు ఫారాలు తెలుగులో వేయించాం. జగిత్యాల అన్నతో పాటు క్యాంపు నుంచి ఓ పాతిక మంది చేరారు. పెద్దాయన భయపడ్డట్టు ఆడిటోరియం నిండిపోలేదు. మాకు వాలంటీర్లు మాత్రం ఎక్కువయ్యారు.

సభ్యుడిగా ఆయన వచ్చిన మొదటి సమావేశంలో బతుకమ్మ ఏర్పాట్లు మాట్లాడుకున్నాం. పిల్లలకు మర్నాడు స్కూలుండదు కాబట్టి గురువారం సాయంత్రం పెడదామని నేను ప్రతిపాదించాను. అందరూ తలలూపుతున్నారు. ఆయన చెయ్యెత్తాడు. గురువారం మాకు డ్యూటీ ఉంటుంది, శుక్రవారమైతేనే మావాళ్ళు వస్తారు, అక్క చెప్పింది నేను ఒప్పుకోను అన్నాడు. ఇంకా కొందరు ఆయన వైపు చేరారు. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఓటుకు పెడితే నా ప్రతిపాదన వీగిపోయింది.

కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజమే. ఆ చిన్నబోవడం మెట్లు దిగేలోపే పోయింది. ఇంటికొచ్చి టీ పెట్టుకుని కూర్చుని రాశాను: "కార్యదర్శి ప్రతిపాదనను ఒక సభ్యుడు వ్యతిరేకించారు. ఓటింగు అనంతరం బతుకమ్మను శుక్రవారం జరపాలని తీర్మానించడమైనది."